ఘాతాంకాన్ని మడతపెట్టడం: a^p శేషం a అనే నియమంతో పెద్ద లెక్కలు

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా లెక్కలోకి వెళ్దాం. బోర్డు మీద రాస్తున్నాను చూడండి: 3^1000 ని 7తో భాగిస్తే శేషం ఎంత?

3^1000 ని విడమరిచి రాస్తే 478 అంకెలు వస్తాయి. అన్ని అంకెలు రాసి 7తో భాగించుకుంటూ పోవచ్చు, తప్పేమీ లేదు, సాయంత్రం దాకా పడుతుంది. ఆ అంకెల్లో ఒక్కటి కూడా రాయకుండా, మూడు చిన్న భాగహారాలతో జవాబు తేల్చేద్దాం. దానికి కావలసిన నియమం ఒక్కటే.

p ఒక ప్రధాన సంఖ్య. a ఏ పూర్ణాంకమైనా సరే. a^p ని p తో భాగిస్తే వచ్చే శేషం, a ని p తో భాగిస్తే వచ్చే శేషం ఒకటే. బోర్డు మీద a^p ≡ a (mod p) అని రాస్తాం.

నమ్మకం కుదరడానికి రెండు ఉదాహరణలు. 2^7 అంటే 128. అందులో 126 అంటే 7×18 పోతే మిగిలేది 2. ఇంకొకటి, 3^7 అంటే 2187. 7×312 = 2184. మిగిలేది 3. ఏ సంఖ్యతో మొదలుపెట్టామో మళ్ళీ అదే చేతికొచ్చింది.

ఈ నియమం ఫెర్మా పేరు మీద ఉంది. 1640 అక్టోబర్ 18న ఫ్రెనికిల్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో దీన్ని ప్రస్తావించాడు. నిరూపణ మాత్రం పంపలేదు. మరీ పొడవైపోతుందన్న భయం లేకపోతే పంపేవాడినని రాశాడు. ఫెర్మాకు ఈ అలవాటు ఉందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తర్వాత లైబ్నిజ్ ఒక నిరూపణ రాసుకున్నాడు గానీ అచ్చువేయలేదు. 1736లో ఆయిలర్ నిరూపించాకే ఇది అందరికీ అందింది.

పుస్తకాల్లో ఈ నియమం ఎక్కువగా ఇంకో వేషంలో కనిపిస్తుంది: a^(p-1) ని p తో భాగిస్తే శేషం 1. రెండూ ఒకటే కదా, అటూ ఇటూ ఒక a తో భాగించాం అంతే, అనిపిస్తుంది. కానీ ఆ రెండో రూపానికి ఒక షరతు ఉంది. a అనేది p గుణిజం కాకూడదు. మొదటి రూపానికి ఏ షరతూ లేదు. ఈ చిన్న తేడా దగ్గరే చాలామంది దెబ్బతింటారు, అక్కడికి కాసేపట్లో వస్తాను. ఈరోజు నేను మొదటి రూపాన్నే పట్టుకుని మొత్తం నడిపిస్తాను.

ఇప్పుడు 3^1000. వెయ్యిని 7తో భాగిద్దాం. భాగఫలం 142, శేషం 6. అంటే 1000 = 7×142 + 6. కాబట్టి 3^1000 లో 3^7 అనే ముక్కలు 142 ఉన్నాయి, ఆపైన విడిగా ఆరు 3లు మిగిలాయి. నియమం ప్రకారం ఒక్కో 3^7 ముక్కను తీసేసి ఆ స్థానంలో ఒక 3 పెట్టుకోవచ్చు, శేషం మారదు. 142 ముక్కలు 142 మూడులయ్యాయి. వాటికి ఆ ఆరు కలిపితే మొత్తం 148. అంటే 3^1000, 3^148 రెండింటికీ 7 దగ్గర శేషం ఒకటే.

గమనించారా, భాగఫలాన్ని, శేషాన్ని కూడాం. చేయాల్సిందల్లా ఇదే. ఘాతాంకం n ని p తో భాగించి, భాగఫలం q, శేషం r వస్తే, n స్థానంలో q + r రాసుకోవడం. దీన్ని నేను ఘాతాంకాన్ని ఒక మడత పెట్టడం అంటాను.

ఇంకో మడత వేద్దాం. 148ని 7తో భాగిస్తే భాగఫలం 21, శేషం 1. కూడితే 22. మరో మడత: 22ని 7తో భాగిస్తే భాగఫలం 3, శేషం 1. కూడితే 4. ఇక 4 అనేది 7 కన్నా చిన్నది, ఆగిపోదాం. 3^4 = 81. 77 తీసేస్తే 4. జవాబు 4.

అదిగో, ముందు వరుసలో ఒకరు చెయ్యెత్తారు. అడగండి.

"సార్, 1000ని 7తో భాగిస్తే శేషం 6 వచ్చింది కదా. శేషాలతోనే పని కాబట్టి నేరుగా 3^6 తీసుకుంటే సరిపోదా? ఇన్ని మడతలు ఎందుకు?"

మంచి ప్రశ్న. ఈ తప్పు చాలామంది చేస్తారు కాబట్టి కాసేపు ఇక్కడే ఉందాం. 3^6 = 729. 7×104 = 728. శేషం 1. మనకు వచ్చింది 4. రెండూ ఒకేసారి ఒప్పు కాలేవు కదా.

ఎక్కడ తేడా వచ్చిందంటే, మీరు భాగఫలం 142ని పారేశారు. నియమం ఏమంటోంది? ఏడు 3లు గుణిస్తే ఒక 3తో సమానం అంటోంది. ఏడు 3లు కలిస్తే ఏమీ లేకుండా పోతాయని అనడం లేదు. ఏడు చీటీలు ఇస్తే తిరిగి ఒక చీటీ ఇచ్చే కౌంటర్ లాంటిది ఇది. 142 సార్లు మార్పిడి చేస్తే 142 చీటీలు చేతికొస్తాయి. వాటిని కౌంటర్ మీదే వదిలేసి రాకూడదు.

భూమి, అంటే ఘాతాంకం కింద ఉన్న సంఖ్య విషయంలో మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. 3 స్థానంలో 10 ఉన్నా, 1003 ఉన్నా, ముందే 7తో భాగించి శేషం 3 ఉంచుకోవచ్చు. కింద ఉన్న సంఖ్యకు ఒక పద్ధతి, పైన ఉన్న సంఖ్యకు వేరే పద్ధతి. కింద శేషం మాత్రమే చాలు. పైన శేషంతో పాటు భాగఫలం కూడా కావాలి.

ఇంతకీ ఏడు 3లు ఒక 3గా ఎందుకు మారతాయి? నిరూపణ ఫెర్మా భయపడ్డంత పొడవేమీ కాదు. (x + 1)^7 ని విస్తరిస్తే వచ్చే గుణకాలు ఇవి: 1, 7, 21, 35, 35, 21, 7, 1. చివర్లలో ఉన్న రెండు ఒకట్లు తప్ప మధ్యలో ఉన్నవన్నీ 7 గుణిజాలు. 7తో భాగించి శేషం చూసేవాడికి అవన్నీ సున్నాలే. కాబట్టి ఆ కోణంలో (x + 1)^7 అంటే x^7 + 1 మాత్రమే. ఇప్పుడు x స్థానంలో 1 పెట్టండి: 2^7 అంటే 1 + 1 = 2. x స్థానంలో 2 పెట్టండి: 3^7 అంటే 2^7 + 1, అంటే 2 + 1 = 3. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఏ సంఖ్య దాకా అయినా పోవచ్చు.

మరి మధ్య గుణకాలన్నీ 7 గుణిజాలే ఎందుకయ్యాయి? 35 ఎలా వచ్చింది? పైన 7×6×5, కింద 1×2×3. కింద ఉన్నవన్నీ 7 కన్నా చిన్న సంఖ్యలు. 7 ప్రధాన సంఖ్య కాబట్టి ఆ చిన్నవాటిలో ఏదీ 7ని కొట్టేయలేదు. పైన ఉన్న 7 చెక్కుచెదరకుండా మిగులుతుంది.

ఇదే పని 6తో చేసి చూడండి. గుణకాలు 1, 6, 15, 20, 15, 6, 1. ఇక్కడ 15 అనేది 6 గుణిజం కాదు. 15 అంటే పైన 6×5, కింద 1×2. కింద ఉన్న 2 వచ్చి 6లో సగం కొట్టేసింది. 6 ప్రధాన సంఖ్య అయ్యుంటే అది జరిగేది కాదు. ఫలితం కూడా చూడండి: 2^6 = 64, దాన్ని 6తో భాగిస్తే శేషం 4. 2 రాలేదు. ప్రధాన సంఖ్య అన్న షరతు ఊరికే పెట్టింది కాదని దీంతో తెలుస్తుంది.

సరే, మడతల దగ్గరకు మళ్ళీ వద్దాం. ఈ పనిని ఇంకో రకంగా చూడొచ్చు. ఒక సంఖ్యను 9తో భాగిస్తే శేషం ఎంతో తెలుసుకోవడానికి మనం చిన్నప్పటి నుంచీ అంకెలు కూడతాం. పది స్థానాల పద్ధతిలో రాసిన సంఖ్యకు అంకెల మొత్తం తీస్తే 9 గుణిజాలు మాత్రమే జారిపోతాయి, అందుకే ఆ చిట్కా పనిచేస్తుంది. మడతపెట్టడం కూడా సరిగ్గా అదే పని, కాకపోతే 10 స్థానంలో 7 ఉంది. వెయ్యిని 7 ఆధారంగా రాస్తే 2626. ఎందుకంటే 2×343 + 6×49 + 2×7 + 6 = 1000. అంకెలు కూడితే 16. 16ని మళ్ళీ 7 ఆధారంగా రాస్తే 22, అంటే రెండు ఏడులు, రెండు ఒకట్లు. కూడితే 4. మడతలతో వచ్చిన ఆ 4 ఇదే.

పది ఆధారంలో అంకెల మొత్తం 9కి సంబంధించింది. అలాగే p ఆధారంలో అంకెల మొత్తం p-1 కి సంబంధించింది. ఒక మడత వేసినప్పుడు n కాస్తా q + r అవుతుంది. n అంటే pq + r కదా, కాబట్టి తగ్గింది సరిగ్గా q(p-1). ప్రతి మడతలోనూ p-1 గుణిజమే పోతుంది. అందుకే తొందరలో ఉన్నవాళ్ళు ఇన్ని మడతలు వేయకుండా ఘాతాంకాన్ని నేరుగా p-1 తో భాగించి శేషం తీసుకుంటారు. వెయ్యిని 6తో భాగిస్తే శేషం 4. ఒక్క భాగహారంతో అయిపోయింది.

అయితే మొదటే అది చెప్పొచ్చు కదా, ఈ మడతల గోల ఎందుకు అంటారా? అక్కడే ఆ దెబ్బ ఉంది.

7^12 ని 7తో భాగిస్తే శేషం ఎంత? లెక్కే అక్కర్లేదు, సున్నా. ఇప్పుడు అడ్డదారిలో వెళ్ళండి. 12ని 6తో భాగిస్తే శేషం 0. 7^0 అంటే 1. జవాబు 1 వచ్చింది. తప్పు. మడత పెట్టి చూడండి: 12ని 7తో భాగిస్తే భాగఫలం 1, శేషం 5, మొత్తం 6. 7^6 ని 7తో భాగిస్తే సున్నా. ఒప్పు.

మడతపెడితే ఘాతాంకం ఎప్పటికీ సున్నాకి పడిపోదు. n కనీసం p ఉంటేనే మడత వేస్తాం, అప్పుడు భాగఫలం కనీసం 1 ఉంటుంది, కాబట్టి మొత్తం కూడా కనీసం 1 ఉంటుంది. చివరికి చేరేది ఎప్పుడూ 1కి, p-1 కి మధ్యలోనే. p-1 తో భాగించే పద్ధతి 0కి, p-2 కి మధ్యలో చేరుస్తుంది. ఆ సున్నా ఒక్కటే తంటా. a అనేది p గుణిజం కానప్పుడు a^0 అన్నా a^(p-1) అన్నా 1 కాబట్టి ఏమీ తెలియదు. గుణిజం అయినప్పుడు మాత్రం ఒకటేమో 1, ఇంకోటేమో 0.

ప్రోగ్రామింగ్ పోటీలు రాసేవాళ్ళు ఇక్కడ ఉంటే ఈ లైను గుర్తుపడతారు:

```python
pow(a, n % (p - 1), p)
```

ఇది దాదాపు ప్రతిసారీ సరైన జవాబే ఇస్తుంది. అదే దాని ప్రమాదం. మామూలు టెస్టులన్నీ పాసవుతుంది. a అనేది p గుణిజమై, n అనేది p-1 గుణిజమైన ఒక్క ఇన్‌పుట్ దగ్గర 0 బదులు 1 ఇస్తుంది. ఎక్కడ తప్పో వెతుకుతూ కోడ్ మొత్తం తిరగేస్తారు, ఈ లైనును మాత్రం అనుమానించరు. మీ ప్రోగ్రాంకు ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవాలంటే a = p, n = p-1 ఇచ్చి చూడండి. సున్నా రాకపోతే జబ్బు ఉన్నట్టే. మడత పద్ధతి కోడ్‌లో ఇంతే:

```python
def fold(n, p):
    while n >= p:
        q, r = divmod(n, p)
        n = q + r
    return n
```

తర్వాత pow(a, fold(n, p), p) అని పిలిస్తే సరి. n మొదట్లోనే సున్నా అయితే దాన్ని ముట్టుకోదు, అది కూడా మనకు కావలసిందే.

ఇప్పుడు కొంచెం పెద్ద లెక్క. పోటీల్లో తరచూ కనిపించే ప్రధాన సంఖ్య 1000000007, అంటే 10^9 + 7. ప్రశ్న: 2^(10^18) ని దీంతో భాగిస్తే శేషం ఎంత? ఘాతాంకంలోనే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలున్నాయి. కాగితం మీద చేద్దాం, క్యాలిక్యులేటర్ వద్దు.

మొదటి మడతకు 10^18 ని 10^9 + 7 తో భాగించాలి. భయపడకండి, స్కూల్లో నేర్చుకున్న (x + 7)(x - 7) = x^2 - 49 ఇక్కడ పనికొస్తుంది. x అంటే 10^9 అనుకుంటే, 10^18 = (10^9 + 7)(10^9 - 7) + 49. భాగఫలం 10^9 - 7, శేషం 49. కూడితే 10^9 + 42. రెండో మడత: దీన్ని 10^9 + 7 తో భాగిస్తే భాగఫలం 1, శేషం 35. కూడితే 36.

అంతే. పద్దెనిమిది సున్నాల ఘాతాంకం రెండు మడతల్లో 36 అయ్యింది. ఇక 2^36 = 68719476736. ఇందులో 1000000007 ఎన్నిసార్లు పోతుంది? 68 సార్లు, అంటే 68000000476. తీసేస్తే 719476260. ఇదీ జవాబు. ఇంటికెళ్ళి పైథాన్‌లో pow(2, 10**18, 10**9+7) కొట్టి సరిచూసుకోండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కంప్యూటర్‌కు ఈ మడతల వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వర్గం చేస్తూ, ఎప్పటికప్పుడు శేషం తీసుకుంటూ పోయే పద్ధతిలో 10^18 ఘాతాంకానికి అరవై లోపు వర్గాలు, పైన కొన్ని గుణకారాలు, అంతే. కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. ఇంకో సంగతి, ఘాతాంకం p కన్నా చిన్నదైతే మన నియమం అసలు ఏ సాయమూ చేయదు. 2^500 ని 1000000007తో భాగించమంటే మడతపెట్టడానికి ఏముంది? అక్కడ వర్గాల పద్ధతే దిక్కు. మన నియమం విలువ తెలిసేది ఘాతాంకం మీద ఇంకో ఘాతాంకం ఎక్కి కూర్చున్నప్పుడు.

ఉదాహరణకు 7^(8^9) ని 11తో భాగిద్దాం. ముందు 8^9, ఆ వచ్చినదాన్ని 7 పైన పెట్టాలి. 11 దగ్గర ప్రతి మడతలోనూ పోయేది 10 గుణిజం. 10 గుణిజం తీసేస్తే ఏ అంకె మారదు? ఒకట్ల స్థానం. అంటే 11తో భాగించేటప్పుడు ఘాతాంకం ఎంత పెద్దదైనా దాని చివరి అంకె చూస్తే చాలు. చివరి అంకె 0 అయితే మాత్రం సున్నా అనుకోకుండా 10 అనుకోవాలి, ఇందాక చెప్పిన కారణానికే.

కాబట్టి 8^9 చివరి అంకె కావాలి. చివరి అంకె అంటే 10తో భాగిస్తే శేషం. 10 ప్రధాన సంఖ్య కాదు, మన నియమం నేరుగా రాదు. కానీ 10 అంటే 2×5. 5 దగ్గర నియమం పనిచేస్తుంది: a^5, a రెండింటికీ శేషం ఒకటే, కాబట్టి a^5 - a అనేది 5 గుణిజం. అది సరి సంఖ్య కూడా, ఎందుకంటే a సరి అయితే a^5 సరి, బేసి అయితే బేసి. 5 గుణిజమూ, సరి సంఖ్యా అయితే 10 గుణిజమే. అంటే ఏ సంఖ్య ఐదో ఘాతం తీసినా చివరి అంకె మారదు. 3^5 = 243, చివర 3. 8^5 = 32768, చివర 8. ఏ అంకెతోనైనా చేసి చూసుకోండి.

ఇప్పుడు 8^9: తొమ్మిదిని 5తో మడతపెడితే 1 + 4 = 5. ఇంకోసారి మడతపెడితే 1. కాబట్టి 8^9 చివరి అంకె 8. నిజానికి 8^9 = 134217728, చూశారుగా. ఇక మన లెక్క 7^8 కి దిగింది. 7 వర్గం 49, 11తో భాగిస్తే 5. 5 వర్గం 25, శేషం 3. 3 వర్గం 9. జవాబు 9.

ఇంకో అంతస్తు వేయమంటారా? 7^(8^(9^10)). ఇక్కడ 7 పైన ఉన్న ఘాతాంకానికే 300 కోట్లకు పైగా అంకెలుంటాయి. చివరి అంకె కోసం 5తో మడతపెట్టేటప్పుడు ప్రతిసారీ పోయేది 4 గుణిజం. 9ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి 9^10 కి కూడా శేషం 1. మడతలన్నీ అయ్యాక 8^1 మిగులుతుంది. చివరి అంకె 8. మళ్ళీ 7^8, మళ్ళీ 9. గమనించాల్సింది ఏమిటంటే, ఒక్కో అంతస్తు ఎక్కేకొద్దీ భాజకం మారుతోంది. కింద 11, దాని పైన 10, దాని పైన 4. పైకంటా 11నే పట్టుకుని భాగించుకుంటూ పోతే జవాబు తేడా కొట్టేస్తుంది.

వెనక వరుసలోంచి ఎవరో అడుగుతున్నారు. కొంచెం గట్టిగా చెప్పండమ్మా.

"సార్, 10 ప్రధాన సంఖ్య కాకపోయినా 5తో మడత పనిచేసింది కదా. అలాంటప్పుడు భాజకం n ప్రధాన సంఖ్యో కాదో తెలియకపోతే, ఒకసారి a^n చేసి a వస్తుందేమో చూసుకుని వాడుకోవచ్చా?"

వాడుకోకూడదమ్మా. 341 అనే సంఖ్య ఉంది. 2^341 ని 341తో భాగిస్తే శేషం 2. చూడగానే ప్రధాన సంఖ్య అనిపిస్తుంది. కాదు, అది 11×31. 1819లో సారస్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఈ సంగతి పట్టుకున్నాడు. 2కి పనిచేసింది కదా అని 3కి వాడితే మోసపోతాం: 3^341 ని 341తో భాగిస్తే శేషం 168 వస్తుంది, 3 రాదు. ఒక భూమికి పనిచేసిన మడత ఇంకో భూమికి పనిచేస్తుందని హామీ లేదు.

దీనికన్నా గడుసుది 561. అది 3×11×17. అయినా సరే, ఏ a తీసుకున్నా a^561 కి 561 దగ్గర శేషం a నే. ఇలాంటి వాటిని కార్మైకేల్ సంఖ్యలు అంటారు. ఎందుకలా జరిగిందంటే 561-1 అంటే 560. అది 2కి, 10కి, 16కి గుణిజం. అవేమిటి? 3-1, 11-1, 17-1. మూడు ప్రధాన సంఖ్యల దగ్గరా మడత ఒకేసారి సరిపోయింది. 10 దగ్గర ఐదో ఘాతం సరిపోయింది కూడా ఇందుకే: 5-1 అనే 4, 2-1 కీ 5-1 కీ గుణిజం. కాబట్టి మీరు అడిగినదానికి సరైన జవాబు ఇది: భాజకాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టండి, ఒక్కోదాని దగ్గర మన నియమం వాడండి, తర్వాత కలపండి. ఒక్కసారి చేసి చూసి నమ్మేయడం వద్దు.

విడగొట్టినప్పుడు ఏదైనా ప్రధాన సంఖ్య రెండుసార్లు వస్తే మాత్రం ఆగాలి. చివరి రెండు అంకెలు కావాలంటే 100తో భాగించాలి, 100లో 2 రెండుసార్లుంది, 5 రెండుసార్లుంది. 2 ఘాతాలను 4తో భాగిస్తూ చూడండి: మొదటిది 2, ఆ తర్వాత 0, 0, 0. ఎంత దూరం పోయినా 2 మళ్ళీ రాదు. అంటే a^n శేషం a అయ్యే n, 1 తప్ప, ఇక్కడ లేనే లేదు. మడతకు పునాదే పోయింది.

అలాగని చేతులెత్తేయక్కర్లేదు. 2^2 = 4, 2^22 = 4194304, చివర 04. అంటే ఘాతాంకం 2 దగ్గర నుంచి లెక్కపెడితే ఇరవైకి ఒకసారి చివరి రెండు అంకెలు తిరిగి వస్తున్నాయి. కాబట్టి ఘాతాంకంలోంచి ఇరవైలు తీసేయొచ్చు, కానీ 2 కన్నా కిందకు దిగకూడదు. 2^1000 చివరి రెండు అంకెలు కావాలంటే వెయ్యిలోంచి ఇరవైలు తీసుకుంటూ వచ్చి 20 దగ్గర ఆగిపోవాలి. 2^20 = 1048576. చివర 76. అదే జవాబు. ఇంకో ఇరవై తీసేసి సున్నాకి దిగినవాడికి 2^0, అంటే చివర 01 వస్తుంది. 2 ఘాతం ఏదైనా బేసి అంకెతో ముగుస్తుందా? ఆ 01 కనబడగానే ఎక్కడో ఒక మెట్టు ఎక్కువ దిగిపోయామని తెలిసిపోవాలి. సరే, ఇంకా ప్రశ్నలుంటే అడగండి, బోర్డు ఇంకా ఖాళీగానే ఉంది.